కొర్రలు, రాగులు పొయ్యి మీద ఎలా వండాలి: నీళ్లు, నానబెట్టడం, మంట

కొర్రన్నం కుదరలేదని ఎవరైనా అంటే నేను అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంతసేపు నానబెట్టారు? మధ్యలో మూత ఎన్నిసార్లు తీశారు? సగం మంది మొదటి ప్రశ్న దగ్గరే "అవునా, నానబెట్టాలా?" అంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను లెండి. బియ్యం కడిగినట్టే కడిగి, కప్పుకి రెండు కప్పుల నీళ్లు పోసి, పన్నెండు నిమిషాల తర్వాత మూత తీసి చూస్తే నీళ్లు ఇగిరిపోయాయి, గింజ మాత్రం ఇంకా పలుకుగానే ఉంది. కంగారులో అరకప్పు చల్లటి నీళ్లు పోశాను. అడుగున మాడింది, మధ్యలో ముద్దయింది, పైన మాత్రం పలుకు అలాగే ఉంది. ఒకే గిన్నెలో మూడు రకాల అన్నం.

ఆ తర్వాత చాలాసార్లు వండాక తెలిసింది ఏమిటంటే, కొర్రలకీ బియ్యానికీ పొయ్యి మీద పట్టే టైములో పెద్ద తేడా లేదు. తేడా అంతా పొయ్యి ఎక్కించక ముందే ఉంది. రాగులు మాత్రం పూర్తిగా వేరే సంగతి, వాటిని అన్నంలా వండాలని చూడటమే తప్పు. ముందు కొర్రల పని చూద్దాం.

మీ దగ్గరున్న కొర్రలు ఏ రకం

వండుకునేది పై పొట్టు తీసిన కొర్ర బియ్యం. పొట్టు తీయనివి గట్టిగా, మెరుస్తూ ఉంటాయి, ఎంత ఉడికించినా నోట్లో గుచ్చుకుంటాయి, అవి వంటకు పనికిరావు. పొట్టు తీసిన వాటిలోనూ రెండు రకాలు ఉన్నాయి. తవుడు పొర అలాగే ఉన్నవి ముదురు పసుపులో, మెరుపు లేకుండా ఉంటాయి. పాలిష్ పట్టినవి లేత రంగులో నున్నగా ఉంటాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నీళ్లు గింజలోకి వెళ్లకుండా అడ్డుపడేది ఆ తవుడు పొరే. గింజ చూడటానికి బియ్యం కంటే చాలా చిన్నది కదా, ఇంకా త్వరగా ఉడకాలి కదా అనిపిస్తుంది. కానీ తెల్ల బియ్యానికి ఆ పొర ఉండదు, మిల్లులోనే పోతుంది, అందుకే నీళ్లు తగలగానే పీల్చుకోవడం మొదలుపెడుతుంది. కొర్రలను దంపుడు బియ్యంతో పోల్చి చూడండి, అప్పుడు వాటి తీరు అర్థమవుతుంది.

కాబట్టి నానబెట్టే లెక్క ఇది. తెల్ల బియ్యానికి 20 నుంచి 30 నిమిషాలు చాలు, నానబెట్టకపోయినా ఉడుకుతుంది. పాలిష్ పట్టిన కొర్రలకు అరగంట సరిపోతుంది. తవుడుతో ఉన్న వాటికి కనీసం 2 గంటలు కావాలి, రాత్రి నానబెట్టి పొద్దున వండుకుంటే ఇంకా మెత్తగా వస్తాయి. అయితే ఎండాకాలంలో రాత్రంతా బయట పెడితే నీళ్లు పులిసి నురగ కడతాయి, అప్పుడు గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి. మీవి ఏ రకమో తేల్చుకోలేకపోతే 2 గంటలు నానబెట్టేయండి, పాలిష్ పట్టినవైనా పెద్దగా నష్టం లేదు, కాస్త మెత్తగా వస్తాయి అంతే.

వండే ముందు గుప్పెడు తీసి వాసన చూడటం కూడా అలవాటు చేసుకోండి. తవుడులో నూనె ఉంటుంది, కొర్రలు పాతబడితే అది చెడి పాత నూనె వాసన వస్తుంది. అలాంటివి ఎంత కడిగినా చేదు పోదు.

కడగడం కాదు, గాలించడం

బియ్యం రెండుసార్లు కడిగి పారబోస్తే అయిపోతుంది. కొర్రలను గాలించాలి. గింజ చిన్నది, ఇసుక రేణువు కూడా అంతే సైజులో ఉంటుంది, కంటితో ఏరడం కుదరదు. వెడల్పాటి గిన్నెలో కొర్రలు వేసి నిండా నీళ్లు పోసి చేత్తో గుండ్రంగా తిప్పండి. ముందుగా పైకి తేలేది పొట్టు, తాలు గింజలు, అవి పారబోయండి. మళ్లీ నీళ్లు పోసి, తిప్పి, గింజలు ఇంకా నీళ్లలో తిరుగుతుండగానే కొంచెం కొంచెంగా రెండో గిన్నెలోకి వంచండి. నీళ్లతో పాటు గింజలు వెళ్లిపోతాయి, బరువున్న ఇసుక అడుగునే ఉండిపోతుంది. చివరి చెంచాడు గింజలు ఆశపడి ఊడ్చుకోకండి, ఇసుక ఉంటే వాటిలోనే ఉంటుంది. నీళ్లు వంపేటప్పుడు టీ వడపోసే జాలీ లాంటి సన్న జాలీ అడ్డం పెట్టుకోండి. బియ్యానికి వాడే చిల్లుల గిన్నెలోంచి కొర్రలు జారిపోతాయి, నేను ఒకసారి పావు వంతు సింకులో పోసుకున్నాను.

నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లతోనే వండండి. ఆ పాత నీళ్లు పసుపుగా, కాస్త వగరుగా ఉంటాయి, అన్నంలోకి ఆ రుచి రానవసరం లేదు.

నీళ్ల కొలత ఎందుకు మారుతుందంటే

కప్పుకి రెండని ఒకరు చెబుతారు, రెండున్నర అని ఇంకొకరు, మూడని మరొకరు. ముగ్గురూ తప్పు చెప్పట్లేదు. గిన్నెలో పోసిన నీళ్లు రెండు దారుల్లో పోతాయి, కొన్ని గింజ తాగుతుంది, కొన్ని ఆవిరైపోతాయి. గింజ తాగేది ఎన్ని గింజలు వేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆవిరయ్యేది మాత్రం గిన్నె ఎంత వెడల్పు, మూత ఎంత బిగుతు, ఎంతసేపు మరిగింది అన్న వాటిని బట్టి ఉంటుంది, గింజలతో దానికి పెద్దగా సంబంధం లేదు. పైగా నానిన కప్పు కొర్రలు సుమారు పావు కప్పు నీళ్లు ముందే తాగేసి కూర్చుంటాయి.

అందుకే 2 గంటలు నానిన కొర్రలకు కప్పుకి 2¼ కప్పుల నీళ్లు నా లెక్క. పలుచటి, వెడల్పు గిన్నె అయితే 2½. అసలు నానబెట్టకపోతే 3 కప్పులు, అదీ 25 నిమిషాలు ఉడికించాలి, అంతసేపు ఉడికినా గింజ పైన పగిలి లోపల గట్టిగా ఉండటం మామూలే. బియ్యానికి ఇదే గిన్నెలో కప్పుకి 2 కప్పులు పోస్తాను.

ఆవిరి లెక్క తెలిస్తే ఇంకో ఉపయోగం ఉంది. రెండు కప్పుల కొర్రలు వండాలంటే నీళ్లను కూడా సరిగ్గా రెట్టింపు చేసి 4½ కప్పులు పోస్తారు, అప్పుడు అన్నం జారుగా వస్తుంది. గిన్నె అదే, మూత అదే, టైము కూడా దాదాపు అదే, కాబట్టి ఆవిరయ్యే నీళ్లు రెట్టింపు కావు. 4 కప్పులు పోస్తే సరిపోతుంది. నలుగురైదుగురికి వండినప్పుడే అన్నం ముద్దవుతోందని అనుకునేవాళ్లు ముందు ఇది చూసుకోండి.

ఇప్పుడు ఒక కప్పు కొర్రలు వండుదాం

ఏ కప్పైనా పర్లేదు, నీళ్లకూ అదే కప్పు వాడితే చాలు. తవుడున్న కొర్రలు ఒక కప్పు, 2 గంటలు నానాయి అనుకుందాం. వాటిని జాలీలో వేసి 5 నిమిషాలు వదిలేయండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, వడకట్టని గింజల మధ్య చాలా నీళ్లు దాక్కుంటాయి, వాటితో మీ కొలత తప్పుతుంది.

అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి, కొర్రలు కనీసం మూడింతలు అవుతాయి, పైగా పొంగుతాయి కాబట్టి సగం కంటే ఎక్కువ నిండని సైజు ఉండాలి. 2¼ కప్పుల నీళ్లు ఎసరు పెట్టి, పావు చెంచా ఉప్పు, నాలుగైదు చుక్కల నూనె వేయండి. నూనె రుచికి కాదు, నురగ పైకి రాకుండా. కొర్రల నురగ బియ్యం గంజి కంటే గట్టిగా, గిన్నె అంచు దాటి స్టవ్ మీద పడేదాకా ఆగకుండా లేస్తుంది.

ఎసరు తెర్లగానే కొర్రలు వేసి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అడుగు దాకా కలపండి. మళ్లీ మరుగు రాగానే మంట మీడియంకి తగ్గించి, మూత కాస్త వారగా పెట్టి 4, 5 నిమిషాలు ఉంచండి. ఈలోగా నీళ్ల మట్టం తగ్గుతూ వస్తుంది. నీళ్లు గింజల మట్టానికి వచ్చి, పైన చిన్న చిన్న గుంటలు పడి వాటిలోంచి బుడగలు పుట్ టుప్ అంటున్నప్పుడు మూత పూర్తిగా వేసి మంటను సిమ్‌లో పెట్టేయండి. అక్కడి నుంచి 8 నిమిషాలు. ఈ 8 నిమిషాల్లో మూత తీయకూడదు, కలపకూడదు. ఇప్పుడు గింజను ఉడికించేది ఆవిరే, మూత తీసిన ప్రతిసారీ అది బయటికి పోతుంది. కలిపితే మెత్తబడిన గింజలు చితికి గంజి బయటికి వచ్చి మొత్తం అంటుకుపోతుంది.

8 నిమిషాల తర్వాత స్టవ్ కట్టేసి, అలాగే మూతతో 10 నిమిషాలు ఉమ్మగిలనివ్వండి. బియ్యానికి 5 నిమిషాలు ఉమ్మగిలితే సరిపోతుంది, ఒక్కోసారి అదీ చేయం. కొర్రలకు ఇది మానేస్తే పైన పొడిగా, అడుగున తడిగా ఉంటుంది. ఆ 10 నిమిషాల్లో అడుగున మిగిలిన తడి పైకి సర్దుకుంటుంది. తర్వాత గరిటెతో కాకుండా ఫోర్కుతో అంచుల నుంచి మెల్లగా విడదీయండి.

మొత్తం చూస్తే మంట మీద 13, 14 నిమిషాలు, ఉమ్మగిలడానికి 10. తెల్ల బియ్యం కూడా అత్తెసరుగా వండితే మంట మీద 12, 13 నిమిషాలు పడుతుంది. మొదట్లో తేడా పొయ్యి ఎక్కించక ముందే ఉందన్నది ఇందుకే.

ఉడికిందో లేదో పై నుంచి చూసి చెప్పలేం. స్టవ్ కట్టేశాక నాలుగు గింజలు స్టీల్ పళ్లెం మీద వేసి బొటనవేలితో నొక్కి లాగండి. మెత్తగా గీతలా పరుచుకుంటే అయిపోయినట్టు. మధ్యలో సున్నపు చుక్కలాంటి తెల్లటి నలక మిగిలితే ఇంకా పలుకు ఉన్నట్టు. అప్పుడు పావు కప్పు నీళ్లు, గుర్తుపెట్టుకోండి, మరుగుతున్న నీళ్లే, పైన చిలకరించి మళ్లీ మూత వేసి సిమ్‌లో 4 నిమిషాలు పెట్టండి. చల్లటి నీళ్లు పోస్తే గిన్నె వేడి పడిపోతుంది, అది మళ్లీ ఆవిరి పట్టేలోపు బయటి పొర నాని చితికిపోతుంది, లోపలి చుక్క అలాగే ఉంటుంది. నా మొదటి రోజు కథ అదే. ఎదురు సమస్య వచ్చి, గింజ ఉడికి నీళ్లు మిగిలితే, మూత తీసి సిమ్‌లో 2 నిమిషాలు ఉంచి ఆవిరి పోనిచ్చి, తర్వాత ఉమ్మగిలనివ్వండి.

ఈ కొలతలన్నీ టెన్షన్ అనిపిస్తే వార్చేయండి. కప్పు నానిన కొర్రలకు 6 కప్పుల నీళ్లు మరిగించి, మూత లేకుండా 9, 10 నిమిషాలు ఉడికించి, పలుకు పోగానే సన్న జాలీలో వార్చి, తిరిగి వేడి గిన్నెలో వేసి మూత పెట్టడమే. గింజ ఏ గింజకి ఆ గింజ విడివిడిగా వస్తుంది. రుచి కొంత గంజితో పోతుంది, అందుకే నేను ఎక్కువగా చేయను, కానీ మొదటిసారి వండేవాళ్లకు ఇదే నయం.

ఇంకొకటి, కొర్రన్నం వేడిగా ఉన్నప్పుడే తినాలి. చల్లారితే బియ్యం కంటే త్వరగా బిరుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. మిగిలినదాన్ని వేడి చేయాలంటే కప్పుకి రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూత వేసి సిమ్‌లో పెట్టండి, ఉత్తగా వేడి చేస్తే ఇంకా గట్టిపడుతుంది.

రాగులు

రాగి గింజ పై పొర లోపలి పిండికి గట్టిగా అతుక్కుని ఉంటుంది. బియ్యం పాలిష్ పట్టినట్టు దాన్ని ఒలిచేయడం కుదరదు, ఒలవబోతే గింజే పొడి అయిపోతుంది. అందుకే రాగిని పొరతో సహా పిండి పట్టించి వాడతాం. గింజగానే ఉడికించాలంటే ఉడుకుతుంది, 8 నుంచి 10 గంటలు నానబెట్టి, కప్పుకి మూడు, మూడున్నర కప్పుల నీళ్లలో, మూత పెట్టి సిమ్‌లో 35, 40 నిమిషాలు. అయినా పళ్ల కింద కసకసమంటూనే ఉంటుంది, సలాడ్‌లో బావుంటుంది గానీ అన్నం మాత్రం కాదు.

పిండికి నానబెట్టే పని లేదు, నీళ్లు పీల్చుకోవడానికి దానికి క్షణం చాలు. అసలు చిక్కు కూడా అదే. పొడి పిండిని మరిగే నీళ్లలో వేసి కలిపితే, ప్రతి చిన్న గుంపు పై భాగం వెంటనే ఉడికి జిగురు పొరలా మూసుకుపోతుంది, లోపలి పిండి పొడిగానే చిక్కుకుంటుంది. ఉండ కట్టడం అంటే ఇదే. ఒకసారి కట్టాక ఎంత ఉడికించినా లోపలికి నీళ్లు వెళ్లవు, చిదమాల్సిందే.

జావకు దారి సులభం. ఒక మనిషికి రెండు పెద్ద చెంచాల పిండిని పావు కప్పు చల్లటి నీళ్లలో ముందే కలిపేయండి. గోరువెచ్చటివి కూడా వద్దు, చల్లటివే. వేరే గిన్నెలో ఒకటింపావు కప్పు నీళ్లు మరుగుతుండగా మంట తగ్గించి, ఒక చేత్తో కలుపుతూ ఇంకో చేత్తో ఈ పిండి నీళ్లు సన్నటి ధారగా పోయండి. పోసే ముందు ఒకసారి చెంచాతో అడుగు కలపండి, పిండి అడుగుకు దిగి ఉంటుంది. రెండు నిమిషాలకే చిక్కబడుతుంది, చాలామంది అయిపోయిందనుకుని అక్కడే దించేస్తారు. చిక్కబడటం వేరు, ఉడకడం వేరు. ఇంకో 5, 6 నిమిషాలు సిమ్‌లో కలుపుతూ ఉంచండి. మొదట మట్టి రంగులో వెలవెలబోతున్న జావ మెల్లగా ముదురు రంగుకి తిరిగి పైన నిగనిగలాడుతుంది, పచ్చి పిండి వాసన పోయి కమ్మటి వాసన వస్తుంది. కాస్త పలుచగా ఉండగానే దించండి, చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

సంగటికి మాత్రం పద్ధతి తలకిందులు. ఇక్కడ కప్పు పిండికి రెండే కప్పుల నీళ్లు, ముందే కలిపేంత నీళ్లు ఉండవు. కాబట్టి ఉప్పు వేసి నీళ్లు బాగా మరిగించి, పిండిని మధ్యలో కుప్పగా పోసేయండి, కలపకండి. గరిటె కాడతో కుప్ప మధ్యలో అడుగు దాకా ఒక చిల్లు పెట్టండి, మరిగే నీళ్లు అందులోంచి పైకి ఎగదన్నుతాయి. మూత వేసి సిమ్‌లో 6, 7 నిమిషాలు వదిలేయండి. కలపకుండా వదిలితే ఆవిరి పిండి మొత్తానికీ మెల్లగా పట్టి, పొడి పొడిగా ఉన్నప్పుడే వేడెక్కుతుంది. తర్వాత స్టవ్ కట్టేసి, గిన్నెను బట్టతో గట్టిగా పట్టుకుని, తెడ్డుతో అంచుకేసి నొక్కుతూ గట్టిగా తిప్పండి. ఇది నిజంగా చేతికి పనే. గట్టిగా అనిపిస్తే పక్కన పెట్టుకున్న వేడి నీళ్లు రెండు చెంచాలు పోసి, మళ్లీ మూత వేసి సిమ్‌లో 3 నిమిషాలు మగ్గనివ్వండి. జాగ్రత్త, ఈ దశలో బుడగ చిట్లి చేతి మీద పడితే నీళ్లలా జారిపోదు, అతుక్కుని కాలుస్తుంది.

ఉడికిందో లేదో చేయి తడిచేసుకుని చూడండి. తడి వేలితో తాకితే అంటకపోతే అయినట్టు, వేలికి పిండి పూసుకుంటే ఇంకో మూడు నిమిషాలు కావాలి. ముద్దలు కూడా తడి చేత్తోనే, వేడి మీదే చేసేయండి, చల్లారితే పగుళ్లు వస్తాయి.

గిన్నె అడుగున అట్ట కట్టిన రాగి పిండి మీద వేడి నీళ్లు పోయకండి, ఇంకా జిగురవుతుంది. చల్లటి నీళ్లు నిండా పోసి గంట వదిలేస్తే అట్ట ఊడి దానంతటదే తేలుతుంది.